మూడు తప్పులు, అరవై ఐదు లక్షల అనుమానం

గుంటూరులో పురుగుమందులు టోకుగా అమ్మే ఒక సంస్థ ఉందనుకుందాం. మార్చి 31 నాటికి 640 మంది డీలర్ల దగ్గర నుంచి 12 కోట్ల రూపాయలు రావాలని దాని లెడ్జర్ చెబుతోంది. ఆడిటర్ వచ్చి 62 ఖాతాలు ఎంచుకుని పరిశీలిస్తే మూడింట్లో తేడాలు బయటపడ్డాయి. మూడూ కలిపి 1,63,700 రూపాయలు. పన్నెండు కోట్ల ముందు అదెంత? "సరిచేసేస్తాం సార్, దాంతో అయిపోతుందిగా" అంటాడు అకౌంట్స్ మేనేజర్. ఆడిటర్ మాత్రం కాదంటాడు. ఈ బాకీల్లో 65 లక్షల దాకా ఎక్కువ చూపించి ఉండే అవకాశాన్ని తాను కొట్టిపారేయలేనని, అందుకే ఈ అంకె మీద ఇంకా సంతకం పెట్టలేనని అంటాడు.

లక్షా అరవై వేలు ఎక్కడ, అరవై ఐదు లక్షలు ఎక్కడ! వినేవాళ్లకు ఇది బెదిరింపులా తోస్తుంది. నిజానికి ఆ రెండు అంకెల మధ్య ఉన్నది కొంత కూడిక, కొంత గుణకారం, ఒక చిన్న పట్టిక. ఆ పద్ధతి పేరు మానిటరీ యూనిట్ శాంప్లింగ్. కంపెనీ వార్షిక లెక్కలు చదివేవాళ్లు, బ్యాంకు అప్పు కోసం ఆడిట్ చేయించుకునే వ్యాపారులు, వాటాలు కొనేవాళ్లు అందరూ దాని ఫలితం మీదే ఆధారపడతారు. అది లోపల ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

రావలసిన బాకీల దగ్గర ఆడిటర్ భయం ఎక్కువగా ఒకే వైపు ఉంటుంది. ఉన్నదానికంటే ఎక్కువ చూపించారేమో అన్నదే ఆ భయం. జరగని అమ్మకానికి ఒక బిల్లు రాస్తే అటు అమ్మకాలు పెరుగుతాయి, ఇటు డీలర్ బాకీ పెరుగుతుంది. లాభం, ఆస్తి రెండూ ఒక్క కలంపోటుతో లావెక్కుతాయి. 1938లో అమెరికాలో మెకెసన్ అండ్ రాబిన్స్ కంపెనీలో బయటపడిన మోసంలో లేని సరుకుతో పాటు లేని బాకీలు కూడా ఉన్నాయి. ఆ దెబ్బతోనే మరుసటి ఏడాది నుంచి అక్కడ బాకీదారులకు నేరుగా ఉత్తరం రాసి నిర్ధారించుకోవడం ఆడిటర్లకు నియమమైంది. మన హైదరాబాద్‌లో 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రాసిన లేఖను చాలామంది బ్యాంకు నిల్వల కోసం గుర్తుపెట్టుకున్నారు. ఆ లేఖలోనే ఇంకో వరుస ఉంది. పుస్తకాల్లో 2,651 కోట్లుగా ఉన్న బాకీల్లో 490 కోట్లు ఎక్కువ చేసి చూపినవని అందులో ఒప్పుకున్నారు.

ఎక్కువ చూపించారేమోనని వెతకాలంటే దేన్ని ఎంచుకోవాలి? మామూలుగా తట్టేది ఖాతాలనే. 640 పేర్లు చీటీల మీద రాసి 62 తీస్తే సరిపోదా? ఇక్కడ సమస్య సొమ్ము సమానంగా పరుచుకుని లేకపోవడం. మన సంస్థలో తొమ్మిది మంది పెద్ద డీలర్ల దగ్గరే 3 కోట్ల 60 లక్షలు ఉన్నాయి, అంటే మొత్తంలో 30 శాతం. చీటీల పద్ధతిలో 38 లక్షల ఖాతాకూ 5 వేల ఖాతాకూ సమానంగా పదింట ఒకటే అవకాశం. తొమ్మిదింట్లో ఒక్కటి చేతికొస్తే గొప్ప.

మానిటరీ యూనిట్ శాంప్లింగ్ ఈ ప్రశ్ననే మార్చేస్తుంది. ఎంచుకోవలసింది డీలర్‌ని కాదు, రూపాయిని. పన్నెండు కోట్ల రూపాయలనూ ఒకదాని తర్వాత ఒకటి వరుసలో నిలబెట్టి, ప్రతి రూపాయికీ సమాన అవకాశం ఇస్తాం. ఒక రూపాయి దొరికితే అది ఏ డీలర్ ఖాతాలో ఉందో ఆ ఖాతా మొత్తాన్నీ పరిశీలిస్తాం. 38 లక్షల ఖాతాలో 38 లక్షల రూపాయలు వరుసలో నిలబడి ఉన్నాయి కాబట్టి అది దొరికే అవకాశం దానంతటదే పెరుగుతుంది. 5 వేల ఖాతాకు కూడా తన 5 వేల రూపాయల మేరకు అవకాశం ఉంటుంది. ఎక్కువ చూపిన ఖాతా తన అబద్ధంతోనే వరుసలో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అంటే మోసం పెద్దదయ్యేకొద్దీ దొరికే అవకాశమూ పెరుగుతుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

1960ల తొలినాళ్లలో అమెరికాలోని హాస్కిన్స్ అండ్ సెల్స్ అనే ఆడిట్ సంస్థలో కెన్నెత్ స్ట్రింగర్, ప్రిన్స్‌టన్ గణాంకవేత్త ఫ్రెడరిక్ స్టీఫన్ సాయంతో దీన్ని రూపొందించాడు. మనం చివర్లో కట్టబోయే గరిష్ఠ అంకెను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మన దేశంలో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ జారీ చేసిన ఆడిట్ ప్రమాణం ఎస్‌ఏ 530 కూడా దీన్ని ఒక ఎంపిక పద్ధతిగా గుర్తిస్తుంది.

ఇప్పుడు ఎన్ని రూపాయలు ఎంచుకోవాలి? ముందు ఆడిటర్ ఒక హద్దు గీసుకుంటాడు. ఈ బాకీల్లో ఎంత వరకు తప్పున్నా లెక్కలు చదివేవాడి నిర్ణయం మారదు? మన సంస్థలో ఆ హద్దు 60 లక్షలు అనుకుందాం, అంటే 12 కోట్లలో 5 శాతం. నిజంగానే 60 లక్షల తప్పు ఉందనుకోండి. అప్పుడు వరుసలో ప్రతి వంద రూపాయల్లో ఐదు చెడ్డవి. ఒక రూపాయి తీస్తే అది మంచిదయ్యే అవకాశం 95 శాతం. రెండు తీస్తే రెండూ మంచివయ్యే అవకాశం 0.95ను 0.95తో గుణించినంత. ఇలా 60 రూపాయలు తీసి ఒక్క చెడ్డదీ తగలకుండా పోయే అవకాశం 4.6 శాతానికి పడిపోతుంది. కాబట్టి 60 తీసి ఒక్క తప్పూ కనిపించకపోతే, తప్పు 60 లక్షలకు లోపలే ఉందని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. అరవైలో ఐదు శాతం మూడు. ఆడిటర్ల పట్టికల్లో సున్నా తప్పులకు ఎదురుగా కనిపించే 3.00 అన్న గుణకం వచ్చింది ఇక్కడి నుంచే.

ఒక్క తప్పూ ఉండదని ఆశించడం పురుగుమందుల వ్యాపారంలో అత్యాశ. సీజన్ అయ్యాక మిగిలిన సరుకు వెనక్కి వస్తుంది, స్కీముల డిస్కౌంట్లు ఆలస్యంగా లెక్కకెక్కుతాయి. పోయినేడాది అనుభవాన్ని బట్టి ఏడున్నర లక్షల తప్పు ఉండవచ్చని ఆడిటర్ ముందే అంచనా వేసుకుంటాడు. దాన్ని పట్టికలోని 1.6తో గుణిస్తే 12 లక్షలు. 60 లక్షల హద్దులోంచి ఆ 12 లక్షలు పక్కన పెడితే 48 లక్షలు మిగులుతాయి. దాన్ని 3తో భాగిస్తే 16 లక్షలు. ఇదే అంతరం. వరుసలో ప్రతి 16 లక్షల రూపాయలకూ ఒక రూపాయి తీస్తాం. పన్నెండు కోట్లకు 75 రూపాయలు వస్తాయి.

మొదలుపెట్టే చోటు మాత్రం ఆడిటర్ ఇష్టం కాదు. ఒకటి నుంచి 16 లక్షల లోపు ఒక సంఖ్యను యాదృచ్ఛికంగా తీస్తారు. మనకు 5,37,420 వచ్చిందనుకుందాం. ఆ తర్వాత 16 లక్షలు కలుపుకుంటూ పోవడమే: 21,37,420, 37,37,420, 53,37,420, 69,37,420. జాబితాలో ఒక్కో ఖాతా బాకీని కూడుకుంటూ వెళ్తే ఈ రూపాయలు ఎక్కడ పడతాయో కనిపిస్తుంది. జాబితా మొదటి ఏడు వరుసలు ఇవి.

1వ ఖాతా: 3,10,000. కూడిక 3,10,000.
2వ ఖాతా: 1,85,000. కూడిక 4,95,000.
3వ ఖాతా: 92,400. కూడిక 5,87,400.
4వ ఖాతా: 14,60,000. కూడిక 20,47,400.
5వ ఖాతా: 40,000. కూడిక 20,87,400.
6వ ఖాతా: 2,75,000. కూడిక 23,62,400.
7వ ఖాతా: 38,00,000. కూడిక 61,62,400.

5,37,420వ రూపాయి మూడో ఖాతాలో ఉంది, ఎందుకంటే అక్కడే కూడిక ఆ అంకెను దాటింది. 21,37,420 ఆరో ఖాతాలో పడింది. ఏడో ఖాతా 16 లక్షల అంతరం కంటే పెద్దది కాబట్టి తప్పించుకునే దారే లేదు, పైగా 37,37,420, 53,37,420 రెండూ దానిలోనే పడ్డాయి. కొత్తవాళ్లు తడబడేది నాలుగో ఖాతా దగ్గర. 14 లక్షల 60 వేల ఖాతా వదిలేసి 92 వేల ఖాతా పట్టుకోవడం ఏమిటి? నాలుగో ఖాతాకు దొరికే అవకాశం 91 శాతం, మూడో ఖాతాకు 6 శాతం కంటే తక్కువ. అయినా ఈసారి ఇలా పడింది. అంతమాత్రాన ఆడిటర్ మూడో ఖాతాను పక్కనపెట్టి నాలుగోది తీసుకోకూడదు. నాలుగో ఖాతా మీద ప్రత్యేకంగా అనుమానం ఉంటే దాన్ని అదనంగా చూడవచ్చు, ఆ ఫలితాన్ని శాంపిల్ లెక్కలో కలపకూడదు. ఎంపికలో మనిషి చెయ్యి పడ్డ క్షణంలోనే తర్వాత వేసే గుణకారాలకు ఆధారం పోతుంది.

వరుస పూర్తయ్యేసరికి 75 రూపాయల్లో 22 ఆ తొమ్మిది పెద్ద ఖాతాల్లో పడ్డాయి. మిగిలిన 53 రూపాయలు 53 చిన్న ఖాతాల్లో పడ్డాయి. అలా పరిశీలించవలసినవి 62 ఖాతాలయ్యాయి.

లెక్క మొదలుపెట్టే ముందు జాబితా సంగతి చూసుకోవాలి. చాలా శాంపిళ్లు పాడయ్యేది అక్కడే. డీలర్ల జాబితా మొత్తం ట్రయల్ బ్యాలెన్స్‌లోని అంకెతో రూపాయితో సహా కలవాలి. తర్వాత, ముందే డబ్బు కట్టిన డీలర్లు ఉంటారు, వాళ్ల నిల్వ మైనస్‌లో ఉంటుంది. వాటిని జాబితాలో ఉంచితే కూడిక ముందుకు పోయేదల్లా వెనక్కి వస్తుంది, కొన్ని రూపాయలు రెండుసార్లు లెక్కకొస్తాయి. మన సంస్థలో అలాంటివి 40 లక్షలు ఉంటే లెడ్జర్ నికరంగా 11 కోట్ల 60 లక్షలే చూపిస్తుంది. ఆ 40 లక్షలను వేరు చేసి, రావలసిన బాకీలు మాత్రమే ఉన్న 12 కోట్ల జాబితా మీద పనిచేయాలి. ముందస్తు సొమ్మును విడిగా పరీక్షించాలి.

ఇంకో హద్దు కూడా ఇక్కడే ఉంది. సున్నా నిల్వ ఉన్న ఖాతాకు వరుసలో ఒక్క రూపాయి కూడా లేదు. పది లక్షలు రావలసి ఉండగా పుస్తకాల్లో వెయ్యి మాత్రమే రాసిన ఖాతాకు వెయ్యి రూపాయల అవకాశమే ఉంటుంది. కాబట్టి తక్కువ చూపించారేమో అని వెతకడానికి ఈ పద్ధతి పనికిరాదు. అందుకు మరో చివర నుంచి, అంటే గోదాములోంచి సరుకు బయటికి వెళ్లిన కాగితాల నుంచి మొదలుపెట్టి బిల్లు వరకు రావాలి.

ఎంచుకున్న ఖాతాలను పరీక్షించడం ఇక అసలు పని. ఆడిటర్ ఆ 62 మంది డీలర్లకు ఉత్తరాలు రాస్తాడు. సంస్థ లెటర్‌హెడ్ మీద, సంస్థ సంతకంతోనే రాసినా, పంపేది ఆడిటర్, జవాబు రావలసింది నేరుగా ఆడిటర్‌కి. మధ్యలో సంస్థ ఉద్యోగి చేతిలోంచి జవాబు వస్తే ఆ జవాబుకు విలువ లేదు. జవాబు ఇవ్వని డీలర్లు ఎప్పుడూ చాలామందే ఉంటారు. వాళ్ల బదులు పక్క ఖాతా తీసుకోవడమన్నది ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో ఆ డీలర్ నుంచి బ్యాంకులోకి డబ్బు వచ్చిందా, అది ఏ బిల్లుకు చెందింది, ఆ బిల్లుకు లారీ రసీదు, ఈ-వే బిల్లు ఉన్నాయా అని చూడాలి. అదీ కుదరకపోతే ఆ ఖాతా మొత్తాన్నీ తప్పుగానే లెక్కించాలి.

జవాబులో తేడా ఉన్నంత మాత్రాన అది తప్పు కాదు. డీలర్ మార్చి 30న చెక్కు పంపి తన పుస్తకంలో బాకీ తగ్గించుకుని ఉంటాడు, ఆ చెక్కు ఇక్కడికి ఏప్రిల్ 2న చేరి ఉంటుంది. ఇది దారిలో ఉన్న డబ్బు. మార్చి 31 నాటి పుస్తకం సరైనదే. ఏప్రిల్ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ డబ్బు నిజంగా కనిపిస్తేనే ఆడిటర్ దీన్ని ఒప్పుకుంటాడు.

ఇలాంటివి తీసేశాక మన సంస్థలో మూడు నిజమైన తప్పులు మిగిలాయి. మూడో ఖాతా డీలర్ ఫిబ్రవరిలో 46,200 రూపాయల సరుకు వెనక్కి పంపాడు. గోదాములో దిగిన రసీదు ఉంది, క్రెడిట్ నోట్ మాత్రం రాయలేదు. 92,400 బాకీలో సరిగ్గా సగం లేనిది. ఆరో ఖాతాలో స్కీము డిస్కౌంట్ 27,500 తగ్గించలేదు. 2,75,000లో అది 10 శాతం. ఏడో ఖాతాలో, అంటే 38 లక్షల పెద్ద ఖాతాలో, ఏడాది టర్నోవర్ డిస్కౌంట్ 90,000 తీసెయ్యడం మరిచారు. మూడూ కలిస్తే మేనేజర్ చెప్పిన 1,63,700.

చాలామంది శాంపిల్‌ను అపార్థం చేసుకునేది ఇక్కడే. మూడో ఖాతాలో దొరికింది 46,200 రూపాయల తప్పు మాత్రమేనా? ఆ ఖాతా ఎందుకు దొరికింది? దానిలోని ఒక రూపాయి 16 లక్షల రూపాయల తరఫున నిలబడినందుకు దొరికింది. ఆ రూపాయిలో సగం చెడ్డది. అయితే అది ప్రాతినిధ్యం వహించే 16 లక్షల్లో కూడా సగం, అంటే 8 లక్షలు చెడ్డదని అంచనా వేయాలి. అలాంటి ఖాతా దొరికే అవకాశం 6 శాతం లోపే, అయినా దొరికింది. అంటే జాబితాలో దొరకని అలాంటివి ఇంకా చాలా ఉండే అవకాశం ఉంది. ఆరో ఖాతాలో తేడా 10 శాతం కాబట్టి 16 లక్షల్లో పదో వంతు, 1,60,000. ఇలా ఖాతా నిల్వలో తప్పు ఎన్ని శాతమో చూసి అంతరంతో గుణించడాన్ని ఆడిటర్లు టెయింటింగ్ అంటారు.

ఏడో ఖాతా సంగతి వేరు. 16 లక్షలకు మించిన ఖాతాలన్నిటినీ తప్పనిసరిగా పరిశీలించాం, ఒక్కటీ మిగల్లేదు. కాబట్టి అది తనకు తప్ప ఇంకెవరికీ ప్రతినిధి కాదు. అక్కడ దొరికిన 90,000 అలాగే 90,000గా ఉంటుంది, దేనితోనూ గుణించరు. పెద్ద ఖాతాలో దొరికిన పెద్ద తప్పు లెక్కలో చిన్నదిగా, చిన్న ఖాతాలో దొరికిన చిన్న తప్పు పెద్దదిగా మారడం వింతగా కనిపించినా కారణం ఇదే.

8,00,000, 1,60,000, 90,000 కలిపితే 10,50,000. మొత్తం బాకీల్లో ఉండవచ్చని అంచనా వేసిన తప్పు ఇంత. 60 లక్షల హద్దుకు ఇది చాలా దూరంలో ఉంది కదా అని ఇక్కడే ఆగిపోయేవాళ్లున్నారు. అంచనా ఒక్కటే సరిపోదు, ఎందుకంటే మొదలుపెట్టే సంఖ్య 5,37,420 కాక మరొకటి వచ్చి ఉంటే వేరే 53 ఖాతాలు దొరికేవి, వేరే అంచనా వచ్చేది. నిజం ఇంతకంటే ఎంత ఎక్కువ ఉండగలదో కూడా చెప్పాలి.

దానికి పట్టికలోని గుణకాలు కావాలి. ఒక్క తప్పూ దొరకకపోతే 3.00 అని చూశాం. ఒక తప్పు దొరికితే గుణకం 4.75, రెండు దొరికితే 6.30. అంటే మొదటి తప్పు 1.75 పెంచుతుంది, రెండోది 1.55 పెంచుతుంది. లెక్క ఇలా నడుస్తుంది. అసలు ఏమీ దొరకకపోయినా శాంపిల్ కొట్టిపారేయలేని మొత్తం 3.00 రెట్లు 16 లక్షలు, అంటే 48 లక్షలు. దానికి పెద్ద శాతం ఉన్న తప్పును ముందుగా తీసుకుని 8,00,000ను 1.75తో గుణిస్తే 14 లక్షలు. తర్వాత 1,60,000ను 1.55తో గుణిస్తే 2,48,000. చివరగా పెద్ద ఖాతాల్లో దొరికిన 90,000. అన్నీ కూడితే 65,38,000.

ఆడిటర్ నోటి నుంచి వచ్చిన అరవై ఐదు లక్షలు ఇదే. తప్పు 65 లక్షలు ఉందని ఆయన అనలేదు. ఉన్నట్టు ఆయన అంచనా పదిన్నర లక్షలే. కానీ 95 శాతం నమ్మకంతో "ఇంతకు మించదు" అని చెప్పగల అతి చిన్న అంకె 65,38,000. అది 60 లక్షల హద్దు దాటింది. ముందే తప్పుల కోసం 12 లక్షలు పక్కన పెట్టుకున్నాడు, తీరా చూస్తే ఆ చోటికి 17,38,000 కావలసి వచ్చింది. శాంపిల్ సరిపోలేదు. అనుభవంలో ఈ లెక్క అవసరమైనదానికంటే కాస్త ఎక్కువే చూపిస్తుందన్న మాట నిజమే, ముఖ్యంగా దొరికిన తప్పుల శాతాలు చిన్నవైనప్పుడు. అయినా ఎక్కువ చూపించారేమో అన్న పరీక్షలో తడబాటు ఆ వైపు ఉండడమే మంచిదని నా అభిప్రాయం.

ఇప్పుడు మేనేజర్ మొదట అన్న మాటకు వద్దాం. దొరికిన మూడు తప్పులూ సరిచేస్తే? గరిష్ఠ అంకె 1,63,700 తగ్గి 63,74,300 అవుతుంది. ఇంకా హద్దు పైనే ఉంది. ఇంకో ఖాతా తీసి చూద్దాం, అది సరిగా ఉంటే ఇది కొట్టేద్దాం అనే బేరం కూడా చెల్లదు. "ఇది ఒక్కసారే జరిగిన పొరపాటు, మిగతా వాటికి సంబంధం లేదు" అన్న వాదనను ఎస్‌ఏ 530 చాలా అరుదైన సందర్భాల్లోనే ఒప్పుకుంటుంది. అందుకు ఆడిటర్ అదనంగా పనిచేసి గట్టి రుజువు సంపాదించాలి. ఇక్కడ ఆ వాదన మొదటి నుంచీ నిలవదు. సీజన్ చివర సరుకు వెనక్కి రావడం ఒక్క డీలర్‌కే జరగదు.

నిజమైన దారి ఆ కారణం వెంబడి వెళ్లడమే. సంస్థ జనవరి నుంచి మార్చి దాకా గోదాములో వెనక్కి దిగిన సరుకు రిజిస్టర్ మొత్తం తీసి, ప్రతి నమోదుకూ క్రెడిట్ నోట్ ఉందో లేదో చూసుకుంటుంది. స్కీము సర్క్యులర్లు తీసి ప్రతి డీలర్‌కూ డిస్కౌంట్ ఇచ్చారో లేదో లెక్క కడుతుంది. అలా శాంపిల్లో దొరికినవాటితో కలిపి మొత్తం 9,20,000 రూపాయల క్రెడిట్ నోట్లు మార్చి 31 లెక్కల్లోకి ఎక్కించారనుకుందాం. ఆడిటర్ ఆ పనిని తాను కూడా పరీక్షించి సరైనదని తేల్చుకుంటే, గరిష్ఠ అంకె 65,38,000 లోంచి 9,20,000 తీసేయవచ్చు. 56,18,000 మిగులుతుంది. ఇప్పుడు అది హద్దు లోపలికి వచ్చింది. అంచనా వేసిన పదిన్నర లక్షలకు దగ్గరగానే 9,20,000 దొరకడం కూడా ఒక రుజువే. శాంపిల్ చెప్పిన దిక్కులోనే తప్పులు ఉన్నాయి.

కథ వేరేలా కూడా నడవవచ్చు. 53 చిన్న ఖాతాల్లో ఒకటి 15,000 రూపాయలది, ఆ పేరుతో డీలరే లేడని తేలిందనుకోండి. 15,000లో 15,000 తప్పు, అంటే నూటికి నూరు శాతం. అంచనా పూర్తి 16 లక్షలు. గరిష్ఠ అంకెకు ఆ ఒక్క ఖాతా వల్లే 28 లక్షలు చేరతాయి. 48 లక్షలతో కలిపితే 76 లక్షలు, హద్దు చెదిరిపోయింది. అక్కడితో గుణకారం పక్కకు పోయి వేరే ప్రశ్నలు ముందుకు వస్తాయి. ఆ ఖాతా ఎవరు తెరిచారు? ఇలాంటి డీలర్లు ఇంకెంతమంది? ఆ అమ్మకం ఎవరి టార్గెట్ లెక్కలోకి వెళ్లింది? మరిచిపోయిన క్రెడిట్ నోట్‌నూ, లేని డీలర్‌నూ పట్టిక ఒకే తీరుగా చూస్తుంది. ఆ తేడా చూడవలసింది ఆడిటర్.

ఈ పద్ధతి ఆపలేనివి కూడా ఉన్నాయి. సరైన ఖాతానే ఎంచుకున్నా, వచ్చిన జవాబు నకిలీదైతే, దాన్ని ఆడిటర్ నమ్మితే, ఏ గుణకమూ కాపాడదు. 95 శాతం నమ్మకం రూపాయిల ఎంపికకు సంబంధించింది, కాగితాల నిజాయితీకి కాదు. డీలర్ "అవును, ఇంత బాకీ ఉన్నాను" అని రాసినంత మాత్రాన అతను కట్టగలడని కూడా కాదు. పంట పోయిన ఏడాది బాకీ నిజమే అయినా వసూలు కాకపోవచ్చు. వసూలు కాని బాకీలకు ఎంత పక్కన పెట్టాలన్నది ఇదే 12 కోట్ల మీద మరో పరీక్ష. దానికి కావలసింది బాకీల వయసు పట్టిక, ఏప్రిల్ తర్వాత వచ్చిన వసూళ్ల చిట్టా.